బీరువాకు నాలుగు కర్ణాలు

ఇల్లు మారేముందు జాగ్రత్తపరులు టేపు తీసి రెండు కొలతలు చూస్తారు. బీరువా వెడల్పెంత, గుమ్మం వెడల్పెంత? బీరువా మూడడుగులు, గుమ్మం అంతకన్నా తక్కువ అని తేలగానే కంగారు మొదలవుతుంది. కాస్త లెక్క గుర్తున్నవాళ్లు కర్ణం చూస్తే తేలిపోతుందంటారు. ఆ సలహా మంచిదే కానీ అందులో సగమే ఉంది. ఏ కర్ణం, ఏ ఖాళీతో పోల్చాలి అన్నది మిగతా సగం. చాలా బీరువాలు మలుపుల్లో ఇరుక్కునేది ఆ రెండో సగం దగ్గరే.

తెలుగు ఇళ్లలో బాగా కనిపించే ఇనుప బీరువానే తీసుకుందాం. ఎత్తు 78 అంగుళాలు, వెడల్పు 36, లోతు 19. అటూ ఇటూ అంగుళం తేడాతో పెద్ద సైజు బీరువాలన్నీ ఇంతే ఉంటాయి. పెట్టె ఆకారంలో ఉన్న ఈ వస్తువుకు కర్ణం ఒక్కటి కాదు, నాలుగు. పక్కనుంచి చూస్తే ఎత్తు, లోతు కలిసిన ముఖం కనిపిస్తుంది. దాని మూల నుంచి ఎదుటి మూలకు 80.3 అంగుళాలు. ఎదురుగా నిలబడి చూస్తే కనిపించే ఎత్తు, వెడల్పుల ముఖానికి 85.9. పైనుంచి చూస్తే కనిపించే వెడల్పు, లోతుల ముఖానికి 40.7. ఇక అడుగున ఒక మూల నుంచి పెట్టె లోపలగా పై ఎదుటి మూలకు గీత గీస్తే 88. బళ్లో నేర్చుకున్న పైథాగరస్ సిద్ధాంతమే అన్నింటికీ ఆధారం: రెండు భుజాల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే కర్ణం వస్తుంది. చివరిదానికి మూడు భుజాల వర్గాలూ కలపాలి. ఫోనులో ఉన్న క్యాలిక్యులేటరు చాలు.

ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు పనులున్నాయి. పడుకోబెట్టిన బీరువాను గదిలో నిలబెట్టేటప్పుడు మొదటిదో రెండోదో పనికొస్తుంది, ఏదన్నది దాన్ని ఏ వైపు వాల్చారన్న దాన్నిబట్టి ఉంటుంది. నిలబడి ఉన్న బీరువాను ఉన్నచోటే గుండ్రంగా తిప్పాలంటే మూడోది కావాలి. నాలుగోది బీరువాను ఎటుపడితే అటు తిప్పడానికి చాలే చోటు కొలత. అంత చోటు ఉంటే ఏ లెక్కా అక్కర్లేదు. లేకపోయినంత మాత్రాన దారి మూసుకుపోయినట్టు కాదు. 88 అంగుళాల సంఖ్య చూసి భయపడి కొత్త బీరువాను షాపులోనే వదిలేసి రావడం అనవసరం.

లెక్కకు ముందు ఖాళీని సరిగ్గా కొలవడం ఒక పని. గుమ్మం మూడడుగులంటే చాలాసార్లు అది ద్వారబంధం బయటి కొలత. రెండు పక్కలా కమ్ముల మందం పోతే లోపల 31 అంగుళాలే మిగలవచ్చు. తలుపు సూటిగా తెరిచినా దాని మందం, బందులు కలిసి ఇంకో అంగుళంన్నర తినేస్తాయి. తలుపు మీది హ్యాండిలు, గడియ ఇంకా ముందుకు పొడుచుకొస్తాయి. అపార్టుమెంటుల్లో చెక్క తలుపుకు బయట ఇనుప గ్రిల్లు తలుపు కూడా ఉంటుంది, అది పూర్తిగా గోడకు ఆనే వరకు తెరుచుకోకపోతే అసలు ఖాళీ దాని దగ్గరే నిర్ణయమవుతుంది. మెట్ల మీద గోడకు, రెయిలింగుకు మధ్య కొలవాలి, అదీ పాదాల దగ్గర ఒకసారి, నడుము ఎత్తున ఒకసారి, భుజాల ఎత్తున ఒకసారి. కింద స్కర్టింగు టైలు, మధ్యలో చేతికమ్మి, పైన కరెంటు మీటర్ల పెట్టె, ఒక్కో ఎత్తులో ఒక్కో అడ్డం ఉంటుంది. మూడింటిలో చిన్నదే లెక్కలోకి వస్తుంది. బీరువా వైపు కూడా కాళ్లు, హ్యాండిలు, చుట్టూ కట్టిన బొంతల మందం కలుపుకోవాలి. పట్టుకునే చేతివేళ్లకు ఒక్కో పక్క అంగుళంన్నర వదలాలి. కాగితం మీద అర అంగుళం మిగిలిందంటే నేల మీద ఏమీ మిగలనట్టే.

ఇప్పుడు గుమ్మం. బీరువా లోతు 19 అంగుళాలే కాబట్టి 30 అంగుళాల ఖాళీలో పక్కవాటుగా సునాయాసంగా దూరుతుంది. వెడల్పు విషయంలో కర్ణం అవసరమే రాదు. అసలు చిక్కు ఎత్తు దగ్గర. ఏడడుగుల ద్వారబంధంలో పై కమ్మి పోగా 81 అంగుళాలు ఉన్నాయనుకుందాం. నిలబెట్టిన బీరువా 78, కాబట్టి మూడంగుళాలు మిగులు. ఇక్కడే ఒక అపోహ పనిచేస్తుంది. తల తగులుతుందేమోనని అనుమానం రాగానే మోసేవాళ్లు బీరువాను కొంచెం వెనక్కి వాలుస్తారు. వాల్చితే పొట్టిదవుతుందని నమ్మకం. జరిగేది అందుకు విరుద్ధం. నిలువుగా ఉన్న పెట్టెను వాల్చడం మొదలుపెట్టగానే దాని పై మూల ముందు పైకి లేస్తుంది. ఈ బీరువాను లోతు వైపుగా వాల్చితే దాదాపు 14 డిగ్రీల దగ్గర అది అన్నిటికన్నా పొడుగ్గా, సరిగ్గా కర్ణమంత, అంటే 80.3 అంగుళాలు అవుతుంది. ఆ తర్వాతే దిగడం మొదలవుతుంది. మళ్లీ 78కి రావాలంటే 27 డిగ్రీలు దాటాలి. అంతకన్నా తక్కువ వాల్చినంతసేపూ బీరువా నిలబడి ఉన్నప్పటికన్నా పొడుగే.

లిఫ్టు ద్వారం దగ్గర ఈ సంగతి బాగా తెలుస్తుంది. అపార్టుమెంటు లిఫ్టుల తలుపులు చాలావరకు 2 మీటర్ల ఎత్తు ఉంటాయి, అంటే 78.7 అంగుళాలు. 78 అంగుళాల బీరువా నిటారుగా జరిపితే ముప్పావు అంగుళం లోపు ఖాళీతో లోపలికి వెళ్తుంది. రెండు మూడు డిగ్రీలు ఒరిగిందంటే పై మూల తలుపు చట్రానికి తగులుతుంది. కాబట్టి అక్కడ బీరువాను ఎత్తకూడదు. అడుగున గోనెపట్టానో పాత దుప్పటో వేసి నిటారుగా జార్చాలి. ఎత్తిన మరుక్షణం అది ఒరుగుతుంది, ఒరిగితే పొడుగవుతుంది. లిఫ్టు లోపల చోటు చాలుతుందా అన్నది వేరే లెక్క. లోపలి గది వెడల్పు 43 అంగుళాలు, లోతు 39 అయితే నిలబడిన బీరువాకు సరిపోతుంది, తిప్పాల్సిన పని కూడా లేదు. బరువు సంగతి చూసుకుంటే, మన ప్రమాణాల్లో మనిషికి 68 కిలోల లెక్కన ఆరుగురి లిఫ్టు మోయగలిగేది 408 కిలోలు, కాబట్టి ఒక ఖాళీ బీరువా, ఇద్దరు మనుషులు దానికి భారం కాదు.

పడుకోబెట్టి తెచ్చిన బీరువాను గదిలో నిలబెట్టడం కూడా ఇదే లెక్క, తలకిందులుగా. పైకప్పు పది అడుగులుంటే ఆలోచించనక్కర్లేదు. కానీ గదిలో ఏడడుగుల ఎత్తున అటక ఉండి, బీరువా దాని కిందే పెట్టాలనుకుంటే ఉన్నది 84 అంగుళాలు. వీపు మీద పడుకోబెట్టిన బీరువాను లేపితే కావలసింది 80.3, కాబట్టి లేస్తుంది. అదే బీరువా పక్క మీద పడుకుని ఉంటే లేపేటప్పుడు 85.9 కావాలి, కాబట్టి దాదాపు రెండంగుళాలు చాలక అటకకు తగిలి ఆగిపోతుంది. వస్తువు అదే, అటక అదే, పడుకోబెట్టిన తీరు మారింది. అలాంటప్పుడు అటక బయటే నిలబెట్టి తర్వాత లోపలికి జరపడం తేలిక.

విప్పి బిగించే వార్డ్‌రోబులకు ఈ ప్రశ్న ఉండదని చాలామంది అనుకుంటారు. ఐకియా 2018లో హైదరాబాదులో భారతదేశపు తొలి దుకాణం తెరిచింది. ఆ సంస్థ అమ్మే ప్యాక్స్ రకం వార్డ్‌రోబు చట్రాల్లో పెద్దది 236 సెంటీమీటర్ల ఎత్తు, లోతైన రకం 58 సెంటీమీటర్లు. పలకలన్నీ డబ్బాల్లో మెట్లెక్కుతాయి, గుమ్మం దాటుతాయి. నేల మీద పరిచి బిగించాక లేపేటప్పుడు మాత్రం 236, 58ల కర్ణం 243 సెంటీమీటర్లు అడ్డొస్తుంది. ఎనిమిది అడుగులంటే 243.8 సెంటీమీటర్లు. అంటే ఫాల్స్ సీలింగు ఎనిమిది అడుగులకు దిగిన గదిలో మిగిలేది సెంటీమీటరు కూడా కాదు. అలాంటి గదిలో చట్రాన్ని పడుకోబెట్టి బిగించకుండా నిలువుగానే బిగించుకుంటూ రావాలి.

ఇక మలుపు. ఇక్కడ కర్ణాన్ని నేరుగా ఖాళీతో పోలిస్తే తప్పు సమాధానం వస్తుంది. సమానమైన వెడల్పున్న రెండు నడవాలు ఒకదానికొకటి లంబంగా కలిసే మూలలో పొడవాటి పెట్టె తిరిగేటప్పుడు మూడు చోట్ల తగిలే అవకాశం ఉంది. బయటి రెండు మూలలు బయటి గోడలకు, లోపలి పక్క మధ్యభాగం లోపలి గోడ అంచుకు. పెట్టె సరిగ్గా ఏటవాలుగా, 45 డిగ్రీల మీద ఉన్నప్పుడు ఇరుకు ఎక్కువ. ఆ స్థితి నుంచి ఒక తేలిక సూత్రం వస్తుంది: పెట్టె పొడవులో సగానికి మందం కలపండి, నడవా వెడల్పును 1.41తో గుణించండి, మొదటిది రెండోదానికన్నా తక్కువైతే పెట్టె తిరుగుతుంది. ఇక్కడ పొడవు, మందం అంటే పైనుంచి చూసినప్పుడు కనిపించేవి. ముందుగా మందం నడవాలో పట్టాలన్నది వేరే చెప్పనక్కర్లేదు. రెండు నడవాల వెడల్పులు వేరైతే చిన్నదాన్ని వేసి లెక్కిస్తే ఎప్పుడూ క్షేమం.

మూడడుగుల నడవా అనుకుంటే 36ను 1.41తో గుణిస్తే దాదాపు 51. బీరువాను పక్క మీద పడుకోబెట్టి మోస్తే పైనుంచి కనిపించేది 78 పొడవు, 19 మందం. 39కి 19 కలిపితే 58. తిరగదు. వీపు మీద పడుకోబెడితే 39కి 36 కలిపి 75, ఇంకా అసాధ్యం. నిలబెట్టి జరిపితే 36 పొడవు, 19 మందం, అంటే 18కి 19 కలిపి 37. పద్నాలుగు అంగుళాల మిగులుతో తిరుగుతుంది. ఒకే బీరువా, ఒకే మూల, మూడు భంగిమలు, రెండు వేర్వేరు జవాబులు. ఇంకో సంగతి గమనించదగ్గది. నిలబడిన బీరువా పైముఖ కర్ణం 40.7, నడవా 36 అంగుళాలే. కర్ణాన్ని నడవా వెడల్పుతో పోల్చినవాళ్లు ఇది పట్టదని తేల్చేస్తారు. మూలలో రెండు నడవాల ఖాళీ కలిసి వాడుకకు వస్తుందని ఆ పోలిక మర్చిపోతుంది.

వడ్రంగులకు ఈ సూత్రం ప్లైవుడ్ షీటు రూపంలో చేతికి తెలుసు. ఎనిమిది బై నాలుగు అడుగుల షీటు, ముప్పావు అంగుళం మందం, అంచు మీద నిలబెట్టి మోస్తే పైనుంచి 96 పొడవు, ముప్పావు మందం. 48కి ముప్పావు కలిపితే 48.75. మూడడుగుల నడవా ఇచ్చేది దాదాపు 51. రెండంగుళాల తేడాతో పూర్తి షీటు మలుపు తిరుగుతుంది. అందుకే మూడడుగుల నడవాలున్న ఇళ్లలో షీట్లను కింద కోయకుండా గది దాకా తెచ్చి అక్కడే వార్డ్‌రోబు కట్టగలుగుతున్నారు. నడవా రెండున్నర అడుగులకు తగ్గితే గుణింతం 42 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు షీటును వీధిలోనే కోయాలి, లేదా నిలువుగా లేపి తిప్పాలి.

ఈ మూల గణితజ్ఞులను కూడా ఆరు దశాబ్దాలుగా కూర్చోబెట్టింది. 1966లో లియో మోజర్ ఒక ప్రశ్న వేశాడు. ఒక యూనిట్ వెడల్పున్న నడవా లంబంగా తిరిగే చోట, నేల మీద జరుపుతూ తిప్పగలిగిన ఆకారాల్లో అన్నిటికన్నా పెద్ద వైశాల్యం ఏది? దీన్నే కదిలే సోఫా సమస్య అంటారు. 1968లో హామర్స్లీ చూపించిన ఆకారం వైశాల్యం సుమారు 2.207. 1992లో జోసెఫ్ గెర్వర్ దాన్ని సుమారు 2.2195కు పెంచాడు. అంతకన్నా పెద్దది లేదని నిరూపిస్తూ జినియాన్ బేక్ వందకు పైగా పేజీల వ్యాసాన్ని 2024లో బయటపెట్టాడు. గెర్వర్ సోఫా లోపలి పక్క చంద్రవంకలా లోపలికి నొక్కుకుని ఉంటుంది. ఇరుకు మలుపులో గోడ అంచు ఆ నొక్కులోకి వస్తుంది. బీరువాకు ఆ నొక్కు లేదు. పైసూత్రంతోనే లెక్కిస్తే మలుపులో తిరగగలిగిన దీర్ఘచతురస్రం వైశాల్యం ఒక యూనిట్‌ను మించదు, అంటే గెర్వర్ ఆకారంలో సగం కూడా కాదు. ఒకే బరువున్న సోఫా తేలిగ్గా వెళ్లిన చోట బీరువా మొరాయించడానికి కారణం దాని నిటారు పక్కలే. ఆ సమస్య కాగితం మీది సమతలానికి మాత్రమే. మనుషులు మోసేది మూడు దిక్కుల్లో, ఆ అదనపు దిక్కే బీరువాను కాపాడుతుంది.

మెట్ల దగ్గర ఆ మూడో దిక్కు అసలు రంగంలోకి వస్తుంది. ఒక డూప్లెక్స్ ఇంటిని తీసుకుని మొత్తం ప్రయాణం లెక్కేద్దాం. హాల్లోంచి మెట్లు పైకెళ్లి, సగం ఎత్తులో ల్యాండింగు దగ్గర వెనక్కి తిరిగి, రెండో వరుసగా పై అంతస్తుకు చేరతాయి. గోడకూ రెయిలింగుకూ మధ్య 33 అంగుళాలు. మెట్టు ఎత్తు 7, వెడల్పు 10. ల్యాండింగు లోతు, స్కర్టింగు పోగా, 38. కింది వరుసలో మూడో మెట్టు దాటేచోట తలపైన శ్లాబు బీము అంచు ఉంది, మెట్టు నుంచి నిలువుగా 87 అంగుళాలు. ఇది అన్యాయమైన ఇల్లేమీ కాదు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి మెట్ల కింద, ల్యాండింగు కింద నడిచే దారికి కనీసం 2.2 మీటర్ల ఎత్తు కోరుతుంది, అది 86.6 అంగుళాలే. ఆ నియమం నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకున్నది.

బీము అంచు దగ్గర బీరువా నిటారుగా పోతుందా? 87లో 78 అనిపిస్తుంది కానీ మెట్లు పైకి లేస్తున్నాయి. బీరువా ముందు అంచు కింద ఉన్న మెట్టు, వెనక అంచు కింద ఉన్న మెట్టుకన్నా ఎత్తు. 33 అంగుళాల వరుసలో బీరువా 36 అంగుళాల వెడల్పు ప్రయాణ దిశలోనే ఉండాలి, మెట్ల వాలు పదికి ఏడు, కాబట్టి దాదాపు 25 అంగుళాల తేడా. వెనక అంచు బీము కిందికి వచ్చేసరికి 78కి 25 కలిపి 103 కావాలి. పదహారు అంగుళాలు తక్కువ. నిటారుగా పోదు. అందుచేత వాలు వెంట వాల్చి మోయాలి. వరుస వెడల్పు 33, బీరువా వెడల్పు 36, కాబట్టి వీపు మీద పడుకోబెట్టినా అడ్డంగా పట్టదు. పక్క మీద పడుకోబెట్టాలి, అప్పుడు గోడకూ రెయిలింగుకూ మధ్య దాని మందం 19, మెట్ల నుంచి పైకి 36. బీము కింద ఏటవాలు ఖాళీని మెట్లకు లంబంగా కొలిస్తే 87 కాస్తా 71కి తగ్గుతుంది, అయినా 36కి అది ధారాళం. 19 పోగా పక్కన 14 అంగుళాలు మిగిలాయి. మోసేవాళ్లు కొసల దగ్గర ఉంటారు కాబట్టి సరిపోతుంది.

ల్యాండింగు చేరేసరికి వాలుగా ఉన్న బీరువా అడ్డంగా ఆక్రమించే చోటు 78 కంటే కొంచెం మారుతుంది కానీ ల్యాండింగు లోతుకు రెండింతల దాకా ఉంటుంది. పై కొస ఎదుటి గోడకు తగిలే సమయానికి కింది కొస ఇంకా నాలుగు మెట్లు కిందే ఉంటుంది. కొత్తవాళ్లు ఇక్కడే అదే వాలులో ఉంచి పక్కకు తిప్పడానికి చూస్తారు. ఇంతకుముందు చూసిన సూత్రమే చెబుతుంది: 39కి 19 కలిపి 58, ఖాళీ ఇచ్చేది 33కి 1.41 రెట్లు, అంటే 47 లోపు. ఎంత బలం పెట్టినా తిరగదు, గోడ సున్నం రాలుతుంది, బీరువా పక్క సొట్టపోతుంది. చేయవలసింది పై కొసను లేపడం. పైన ఉన్న మనిషి ముందు కొసను పైకెత్తుతూ పోతే, కింది మనిషి అడుగు భాగాన్ని ఒక్కో మెట్టు పైకి తోస్తూ ల్యాండింగు మీదికి తెస్తాడు. బీరువా పక్క మీద ఉంది కాబట్టి ఇప్పుడు లేపేటప్పుడు కావలసిన ఎత్తు 80.3 కాదు, 85.9. డూప్లెక్సులో ల్యాండింగు పైన చాలాసార్లు పై అంతస్తు కప్పు దాకా ఖాళీయే, కాబట్టి ఎత్తుకు కొదవ ఉండదు. అక్కడ ఎవరైనా పొడుగ్గా వేలాడే దీపం పెట్టి ఉంటే దాన్ని ముందు తీసేయాలి.

ల్యాండింగు మీద నిలబడ్డ బీరువా వెడల్పు 36 ప్రయాణ దిశలో, మందం 19 అడ్డంగా ఉంది. ల్యాండింగు లోతు 38, కాబట్టి రెండంగుళాల మిగులుతో పూర్తిగా దాని మీదికి వచ్చేసింది. ఇప్పుడు దాన్ని తిప్పనక్కర్లేదు. పక్కకు జార్చితే చాలు, రెయిలింగు స్తంభం ముందుగా జరిగి రెండో వరుస ఎదురుగా నిలుస్తుంది. అక్కడ తలభాగాన్ని పై మెట్ల వైపు వాల్చి మళ్లీ పక్క మీద పడుకోబెట్టి ఎక్కించేయవచ్చు. మొత్తం మలుపులో బీరువా ముఖం ఏ గోడ వైపు ఉందో చివరిదాకా ఆ గోడ వైపే ఉంది, మనుషులు మాత్రం స్థానాలు మార్చుకున్నారు. అనుభవమున్న హమాలీలు చేసేది ఇదే. కర్ణం లెక్క మొత్తం ఇక్కడ అనవసరమైపోయింది, ఎందుకంటే కర్ణం తిప్పేవాటికి, జార్చేవాటికి కాదు.

అదే ల్యాండింగు 34 అంగుళాలే ఉంటే 36 పట్టదు. అప్పుడు నిలబడ్డ బీరువాను మూలలో తిప్పక తప్పదు. 18కి 19 కలిపి 37, చిన్న ఖాళీ 33 ఇచ్చేది 47 లోపు. లెక్క ప్రకారం తిరుగుతుంది. ఇక్కడ ఒక హద్దు చెప్పుకోవాలి. ఈ సూత్రం చదునైన నేలకు పుట్టింది. మెట్ల మూలలో తిరుగుతున్నప్పుడు బీరువా అడుగు కొంత ల్యాండింగు మీద, కొంత కింది మెట్ల పైన గాల్లో ఉంటుంది. ఆ గాల్లో ఉన్న భాగాన్ని ఎవరో ఒకరు కింది నుంచి మోయాలి, అదీ తమకంటే పైన ఉన్న బరువును. లెక్కలో పది అంగుళాలు మిగిలినా ఇద్దరితో చేసే పని కాదిది. పలకలు బిగించిన రెయిలింగు కాకుండా నడుము ఎత్తు కమ్మీల రెయిలింగు అయితే ఇంకో మార్గం ఉంది. బీరువాను రెయిలింగుకు పైన పట్టుకుంటే లోపలి మూల అన్నదే లేకుండా పోతుంది, రెండు వరుసల వెడల్పూ కలిపి ఒకే ఖాళీ అవుతుంది. బరువు మాత్రం మొత్తం చేతుల మీదే.

అపార్టుమెంటు మెట్లలో సంగతి కొంత నయం. ఒక వరుస పైన అదే వరుస మళ్లీ ఒక అంతస్తు ఎత్తున వస్తుంది కాబట్టి తలపై ఖాళీ తొమ్మిది అడుగుల పైచిలుకు ఉంటుంది. అక్కడ ఇరుకు తరచుగా అడుగున, మొదటి ల్యాండింగు కిందుగా ప్రవేశించే చోట, లేదా ఫ్లాటు గుమ్మం ఎదుటి నడవాలో వస్తుంది. గుమ్మం ముందు నడవా 40 అంగుళాలుంటే నిలబడ్డ బీరువా కర్ణం 40.7 అని దిగులు పడక్కర్లేదు. నడవాలో బీరువా వెడల్పును అడ్డంగా ఉంచి, ముఖం నడవా పొడవు వైపు పెట్టి తెస్తే 36 పడుతుంది. గుమ్మం ఎదురుకు రాగానే దాన్ని తిప్పకుండా పక్కకు తోస్తే 19 అంగుళాల పక్కతోనే లోపలికి పోతుంది.

సంఖ్యల మీద నమ్మకం కుదరనివాళ్లకు రెండు పాత పద్ధతులున్నాయి, రెండూ నిక్కచ్చి. ఒకటి కర్ర. 86 అంగుళాలకు కోసిన వెదురునో పీవీసీ పైపునో ల్యాండింగు మీద ఒక కొస నేలకానించి, పడుకున్న స్థితి నుంచి నిలువు దాకా లేపి చూడాలి. ఎక్కడా తగలకపోతే ఆ చోట బీరువా లేస్తుంది. రెండోది అట్ట. నేల ప్లానును అడుగుకు అంగుళం చొప్పున కాగితం మీద గీసి, బీరువా పైముఖాన్ని అదే కొలతకు అట్టలో కోసి, దాన్ని గీతల మధ్య వేలితో నడిపించాలి. వెడల్పులు సమానం కాని మూలలకు, గోడ లంబంగా లేని పాత ఇళ్లకు సూత్రం కన్నా ఇదే మేలు. వ్రేలి మందం మిగులు కూడా కనిపించని చోట అసలు బీరువాను తేవడం మానుకోవాలి.

ఇరుక్కున్నాక కూడా బీరువా పరిస్థితిని చదవవచ్చు. ఎక్కడెక్కడ తగులుతోందో చూడాలి. రెండు చోట్లే తగులుతుంటే ఏదో ఒక దిక్కున జారే అవకాశం ఉంది. బయటి రెండు మూలలూ రెండు గోడలకు, లోపలి పక్క గోడ అంచుకు, మూడూ ఒకేసారి ఆనాయంటే ఆ భంగిమలో దారి లేదు. బలం పెట్టకుండా వెనక్కి తీసి భంగిమ మార్చాలి. కాళ్ల స్టాండు విడిగా ఉన్న బీరువాకు దాన్ని తీస్తే ఎత్తులో కొన్ని అంగుళాలు కలిసొస్తాయి. బీరువా తలుపులు తీస్తే బరువు తగ్గుతుంది కానీ కొలతలు మారవు. పైగా తలుపుల్లేని రేకు చట్రం మెలితిరిగి, తర్వాత తాళం పడకపోవచ్చు. ఇంటి తలుపును బందుల నుంచి విప్పడం మాత్రం అంగుళంన్నర ఖాయంగా ఇస్తుంది.

ఏదీ కుదరకపోతే బాల్కనీ మీదుగా తాడుతో లాగడమే. ఆమ్‌స్టర్‌డామ్ పాత ఇళ్లలో మెట్లు మరీ ఇరుకు కాబట్టి ఇంటి నుదుటి మీద కొక్కెమున్న దూలాన్ని కట్టడంలోనే పెట్టుకున్నారు, సామాను కిటికీల్లోంచే లోపలికి వెళ్తుంది. మన బాల్కనీలకు ఆ దూలం లేదు, పైపెచ్చు చాలావాటికి గ్రిల్లు ఉంటుంది. గ్రిల్లు లేకున్నా పిట్టగోడ పైనుంచి పై బీము దాకా ఉండే ఖాళీ అయిదడుగుల దగ్గర తేలవచ్చు. తాడుకు నిలువుగా వేలాడే 78 అంగుళాల బీరువా అందులో దూరదు. తల ముందుగా లోపలికి లాగి, పిట్టగోడ మీద అడ్డంగా వాల్చి, పొడవునా లోనికి జార్చాలి. బాల్కనీ లోతు నాలుగడుగులే అయితే ఆ పొడవు బాల్కనీలో ఆగదు, నేరుగా గది గుమ్మంలోకి పోవాలి. కాబట్టి తాడు కట్టేముందు చూడాల్సింది లాగే చోటుకు సరిగ్గా ఎదురుగా గది తలుపు ఉందా లేదా అని. తలుపు పక్కకు ఉంటే బీరువా బాల్కనీలోనే మలుపు తిరగాలి, 39కి 19 కలిపి 58 అన్న లెక్క అక్కడ మళ్లీ మొదటినుంచీ వేసుకోవాలి.